నా పేరున ఉన్న ఖాతా

పెళ్ళయిన కొత్తలోనే నేను మాచర్లలో కుట్టుపని మొదలుపెట్టాను. మా ఇంటి ముందు గది వీధిలోకి ఉండేది. అందులో ఒక పాత మిషను, బట్టలు కత్తిరించుకోవడానికి ఒక బల్ల. జాకెట్లు, లంగాలు కుడుతూ ఉండగా ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు యూనిఫారాలు కుట్టమని అడిగారు. ఒక్క మిషనుతో అది అయ్యే పని కాదు. ఇంకో రెండు మిషన్లు కొని, ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకుంటే వేసవి సెలవుల్లో యూనిఫారాలన్నీ కుట్టి ఇవ్వవచ్చు. అందుకని ఊళ్ళో ఒక బ్యాంకులో అప్పుకు అర్జీ పెట్టాను.

ఆ బ్యాంకు ఫీల్డాఫీసరు ఇంటికొచ్చి చూశాడు. నేను కుట్టిన చొక్కా ఒకటి తిరగేసి కుట్లు చూశాడు. మిషన్ల షాపు వాళ్ళిచ్చిన కొటేషను తీసుకున్నాడు. లేచి వెళ్ళబోతూ, "ఊళ్ళో మిగతా బ్యాంకుల్లో మీకు బాకీ ఏమీ లేదని సర్టిఫికెట్లు తెచ్చివ్వండమ్మా. మార్చి నెలాఖరు లోపల కాగితాలన్నీ నాకు చేరాలి. ఆ తర్వాతయితే మళ్ళీ మొదటికొస్తది" అన్నాడు.

నాకెక్కడా బాకీ లేదు. బాకీ ఉండాలంటే ముందు ఎవరో అప్పు ఇచ్చి ఉండాలి కదా. ధైర్యంగా వెళ్ళాను.

ఒక బ్యాంకు వాళ్ళు అరగంటలో రాసిచ్చారు. బజారులో ఉన్న రెండో బ్యాంకు వాళ్ళు మాత్రం ఇవ్వలేదు. అక్కడ నాకొక పొదుపు ఖాతా ఉండేది. అప్పటికి అయిదారేళ్ళ కిందట, ఎనభైల మొదట్లో, కుట్టుమిషన్లకు సబ్సిడీతో అప్పులిస్తారని ఊరంతా చెప్పుకుంటుంటే నేనూ వెళ్ళాను. అప్పు కావాలంటే ముందు ఖాతా తెరవాలన్నారు. తెలిసినవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలన్నారు. నాకు గుడ్డలిచ్చే షాపాయన్ని బతిమాలి తీసుకెళ్ళి సంతకం పెట్టించాను. పది రూపాయలు కట్టి పాసుబుక్కు తెచ్చుకున్నాను. తర్వాత నాలుగైదు సార్లు తిప్పించుకుని, ఈ ఏడాది టార్గెట్ అయిపోయిందని చెప్పి పంపేశారు. అప్పు రాలేదు. పది రూపాయలు అందులోనే ఉండిపోయాయి. పాసుబుక్కు ట్రంకుపెట్టెలో అడుగున పడింది. దాన్ని నేను మరిచే పోయాను.

కౌంటరు దగ్గర గుమాస్తా లావుపాటి లెడ్జరు తెరిచి, వేలు కిందికి జరుపుకుంటూ పోయి ఒక చోట ఆపాడు.

"నీ ఖాతాలో బాకీ ఉంది."

"ఏం బాకీ అండీ?"

"ఆరు రూపాయలు. కట్టు, సర్టిఫికెట్ రాసిస్తా."

నేను కట్టింది పది రూపాయలనీ, ఒక్క పైసా తీయలేదనీ చెప్పాను. ఆయన తలెత్తకుండానే లెక్క చెప్పాడు. నేను ఖాతా తెరిచినప్పుడు కనీసం పది రూపాయలుంటే చాలు. కొన్నాళ్ళకు బ్యాంకు దాన్ని ఇరవై అయిదు చేసింది. నా ఖాతాలో అంత లేదు కాబట్టి ఆరు నెలలకు రెండేసి రూపాయలు ఛార్జీ కోశారు. అట్లా కోసుకుంటూ పోతే పదీ అయిపోయాయి. అయిపోయాక కూడా ఆపలేదు. సున్నా మీద కూడా ఆరు నెలలకు రెండు రాసుకుంటూ వచ్చారు. ఆ రాసినవి ఎర్ర సిరాతో ఉన్నాయి.

"ఇరవై అయిదు చేసినట్టు నాకెవరు చెప్పారు?"

"నోటీసు బోర్డులో పెట్టాం."

"నేను రానిచోట నోటీసు పెడితే నాకెట్టా తెలుస్తదండీ? ఒక కార్డు ముక్క రాయలేకపోయారా?"

"ఊళ్ళో ప్రతివాళ్ళకీ కార్డులు రాస్తూ కూర్చుంటే మేం పని చేయొద్దా? ఆరు రూపాయలకు ఇంత రాద్ధాంతం ఏందమ్మా? కట్టి పో."

నా వెనక సిమెంటు డీలరు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి గుమాస్తా, "రండి సార్, కూర్చోండి" అన్నాడు. నన్ను నువ్వు అన్న నోటితోనే. ఆ క్షణంలో నా సంచిలో ఆరు రూపాయలున్నాయి. నిజానికి తీసి బల్ల మీద పెట్టాలని చెయ్యి సంచిలోకి పోయింది కూడా. ఆయన ఆ "రండి సార్" అనకుండా ఉంటే కట్టేసేదాన్నేమో. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆరు రూపాయలు మీకు లెక్క కాకపోతే మీరే వదులుకోండి. నేను కట్టను. నా ఖాతా మూసేయండి" అన్నాను.

"బాకీ తీరకుండా ఖాతా మూయడం కుదరదు."

"మరి మూయకపోతే?"

"ఆరు నెలలకు రెండు రూపాయలు పడతానే ఉంటయ్" అని సిమెంటు డీలరు వైపు చూసి నవ్వాడు.

నేను నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. అప్పటిదాకా అట్లా ఒక ఆఫీసరు గదిలోకి పిలవకుండా వెళ్ళడం నాకు తెలియదు. మేనేజరు పెద్దమనిషి. కూర్చోమన్నాడు. విన్నాడు. లెడ్జరు తెప్పించి చూశాడు.

"రూలు ప్రకారమే వేశారమ్మా. సున్నా అయ్యాక కూడా వేసుకుంటూ పోవడం బాగాలేదు, ఒప్పుకుంటా. కానీ వేసిన ఛార్జీ రద్దు చేయడం నా చేతిలో లేదు. అర్జీ రాసివ్వండి. గుంటూరు రీజనల్ ఆఫీసుకు పంపిస్తా. వాళ్ళు సరేనంటే రద్దు చేసి ఖాతా మూస్తా" అన్నాడు.

"మరి నా సర్టిఫికెట్?"

"బాకీ కనపడుతుంటే బాకీ లేదని నేనెట్లా రాయనమ్మా?"

అదీ నిజమే. కానీ ఆయన మంచిగా మాట్లాడుతున్న కొద్దీ నాకు కోపం ఇంకా ఎక్కువైంది. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. ఈయన్ని ఏమనాలి?

ఇంటికొచ్చి తెల్లకాగితం మీద అర్జీ రాశాను. పదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడానికి ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. అప్పు ఇస్తామంటేనే ఖాతా తెరిచాననీ, అప్పు ఇవ్వలేదనీ, కనీస నిల్వ పెంచినట్టు నాకు తెలియజేయలేదనీ, నిల్వ లేని ఖాతా మీద వేసిన ఛార్జీలు రద్దు చేసి ఖాతాను మూసివేయవలసిందనీ రాశాను. "దయతో" అని మొదట రాసి కొట్టేశాను. కొట్టేసిన అర్జీ బాగుండదని ఇంకో కాగితం తీసుకుని ఆ మాట లేకుండా మళ్ళీ రాశాను. కింద సంతకం ఖాతాలో ఉన్నట్టే పెట్టాను. పాసుబుక్కు కూడా జతచేసి ఇచ్చి, అర్జీ నకలు మీద అందినట్టు స్టాంపు వేయించుకున్నాను. గుమాస్తా ఆ స్టాంపు ఎంత గట్టిగా కొట్టాడంటే కాగితం చిరిగింది.

మా ఆయనది సాగర్ రోడ్డులో లారీలు బాగుచేసే షెడ్డు. మంచి పనివాడు, ఊళ్ళో పేరుంది. మనిషి నెమ్మది. ఆ సాయంత్రం విషయమంతా చెబితే అన్నం కలుపుతూ విన్నాడు.

"ఆరు రూపాయలేగా? వాళ్ళ మొహాన కొట్టి రాకపోయావా?"

"ఎందుకు కొట్టాల? నేను తిన్నానా, తాగానా?"

"నువ్వు తినలేదు. కానీ పని కావాలగా. మిరపకాయల సీజను, షెడ్డు నిండా లారీలున్నయ్. నేను నీ ఎంట తిరగలేను."

"నిన్ను తిరగమన్లేదుగా."

మా అత్త గోడ దగ్గర కూర్చుని వింటోంది. "బ్యాంకోళ్ళతో మనకేందే గొడవ? గవర్నమెంటోళ్ళతో, బ్యాంకోళ్ళతో పెట్టుకుంటే మనలాంటోళ్ళం గెలుస్తామా?" అంది.

"గెలవడానికి పోలేదు అత్తా. ఖాతా మూయమని పోయినా" అన్నాను.

తర్వాత వారం వారం బ్యాంకుకు వెళ్ళాను. ఎండలు ముదిరాయి. నాపరాళ్ళ అరుగు మీద కాలు పెడితే చురుక్కుమనేది. గుంటూరు నుంచి జవాబు రాలేదు. గుమాస్తా నన్ను చూడగానే పక్కనున్న వాడితో "ఆరు రూపాయలామె వచ్చింది" అనేవాడు, నాకు వినపడేలాగే. మేనేజరు మాత్రం "మళ్ళీ గుర్తు చేస్తూ రాశానమ్మా" అనేవాడు. అవతల అప్పిచ్చే బ్యాంకు ఫీల్డాఫీసరు బజార్లో కనపడి, "ఏమ్మా, ఆ ఒక్క సర్టిఫికెట్ ఆగింది. నెలాఖరు దగ్గర పడుతోంది" అన్నాడు. యూనిఫారాల స్కూలు వాళ్ళు ఇంకో దర్జీని అడుగుతున్నారని తెలిసింది.

నాకు నిద్ర పట్టేది కాదు. కట్టేస్తే పోతుందని తెలుసు. నా లెక్క కూడా అంత పిచ్చిది కాదు, రెండు మిషన్ల పక్కన ఆరు రూపాయలు ఎంతో నాకూ తెలుసు. కానీ కడితే వాళ్ళు చేసింది సరైనదని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. ఆ గుమాస్తా "చూశావా, మొదటే కడితే పోయేది" అంటాడు. ఆ మాట నా చెవిలో ముందే వినపడేది. జాకెట్టుకు చంకలు కత్తిరిస్తూ రెండు ముక్కలు పాడుచేశాను ఆ నెలలో. ఆ గుడ్డ ఖరీదు నేనే పెట్టుకున్నాను.

నెలాఖరుకు ఇంకా కొద్దిరోజులుందనగా ఒక ఉదయం మళ్ళీ బ్యాంకుకు వెళ్ళాను. ఆ రోజు గుమాస్తా నన్ను చూసి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"ఇంకెందుకమ్మా వచ్చావు? నిన్ననే మీ ఆయన కట్టేసి పోయాడుగా. సర్టిఫికెట్ కూడా తీసుకున్నాడు. అవతల బ్యాంకులో ఇచ్చే ఉంటాడు."

లెడ్జరు మీదికి వంగి చూశాను.

"నా ఖాతాలో ఆయనెట్టా కడతాడు?"

"కట్టడానికి ఎవరైనా కట్టొచ్చు. తీయడానికే సంతకం కావాలి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నన్ను ఓదార్చుతున్నట్టు, "మీ ఆయన చానా మంచోడమ్మా. ఆడమనిషి, తెలవక మాట్లాడింది, మనసులో పెట్టుకోవద్దు సార్ అని చెప్పిపోయాడు. మేమేం పెట్టుకోం లే" అన్నాడు.

డబ్బు కట్టాడని కాదు నా కోపం. ఆడమనిషి, తెలవక. నేను రాసిన అర్జీ, నేను కొట్టేసిన "దయతో", వారాల తరబడి ఎండలో నేను వేసిన అడుగులు, అన్నిటినీ ఆ రెండు మాటలతో తుడిచిపెట్టి వచ్చాడు. నేను చెప్పని క్షమాపణ నా తరఫున చెప్పి వచ్చాడు.

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. షెడ్డుకు పోయాను. మా ఆయన ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. లారీ డ్రైవరు బీడీ కాల్చుకుంటూ పక్కన నిలబడి ఉన్నాడు.

"బయటికి రావయ్యా" అన్నాను.

నా గొంతు విని వెంటనే వచ్చాడు. చేతుల నిండా గ్రీజు.

"నేను తెలవక మాట్లాడినానా?"

ఆయన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు మెల్లగా రోడ్డు వైపు నడిచాడు.

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఇంట్లో కాదు. నువ్వు వాళ్ళ ముందరన్నావు. వాళ్ళ ముందర నన్ను తెలివితక్కువదాన్ని చేసినావు. నేను తెలవక మాట్లాడినానా, తెలిసే మాట్లాడినానా, చెప్పు."

"ఆ మాట అనకపోతే పని కాదే. వాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. సర్టిఫికెట్ రాయడానికి రేపు రా, ఎల్లుండి రా అంటున్నాడు. నాలుగు మంచి మాటలు చెబితే రాసిచ్చాడు. నెలాఖరు దాటితే మిషన్లు రావు. నీ కోసమే పోయినా."

"మంచి మాటలా అవి? నా మీద చెప్పి నా కోసమంటావా?"

"ఏమే, రేపు నీకు మిషన్లొచ్చినాక ఈ కోపం ఉంటదా?"

"ఉంటది" అన్నాను.

ఆయనకూ కోపమొచ్చింది. అంత నెమ్మదైన మనిషి చేతిలో స్పానరును నేలకేసి కొట్టాడు. "నీకేం, నువ్వు మేనేజరు గదిలోకి పోయి కుర్చీలో కూర్చుని మాట్లాడొస్తావు. ఈ షెడ్డుకి లైసెన్సనీ, కరెంటనీ ఎంత మంది కాడ చేతులు కట్టుకుని నిలబడినానో నీకు తెలుసా? నాకు అలవాటే. ఒకసారి నీ కోసం నిలబడితే తప్పయిందా?" అన్నాడు.

ఆయన అన్నది అబద్ధం కాదు. కానీ ఆయన నిలబడ్డ చోట నన్ను కూడా చేతులు కట్టించి నిలబెట్టాడు. తిరిగి నడిచాను.

నడుస్తూ నడుస్తూ మళ్ళీ బ్యాంకుకే వెళ్ళాను. మేనేజరు గదిలోకి.

"సార్, నా ఖాతా మూశారా?"

"లేదమ్మా. బాకీ తీరింది. మూయాలంటే మీ సంతకం కావాలి. ఇప్పుడే పెట్టేసి పొండి."

"పెట్టను. నేనిచ్చిన అర్జీ నేను వెనక్కి తీసుకోలేదు. ఖాతా నా పేరున ఉంది. మా ఆయన పేరున లేదు. ఆయన కట్టినంత మాత్రాన నేను ఒప్పుకున్నట్టు కాదు. గుంటూరు నుంచి జవాబు వచ్చేదాకా నా అర్జీ ఉన్నట్టే రాసుకోండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "జవాబు రాకపోతే మళ్ళీ ఛార్జీలు పడతాయమ్మా."

"పడనీయండి. మళ్ళీ అర్జీ రాస్తా."

ఏమనుకున్నాడో గానీ, నా అర్జీ ఉన్న ఫైలు తెప్పించి, నా ముందే ఏదో రాసి సంతకం పెట్టాడు. "జవాబు కోసం ఉంచాం" అని మాత్రం చెప్పాడు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వంట చేసేదాన్ని, వడ్డించేదాన్ని. ఆయన తినేవాడు. మా అత్త ఇద్దరి మధ్య కూర్చుని, "ఆరు రూపాయలకు ఇల్లు రెండైంది" అని గొణిగేది. అప్పు మంజూరైంది. అప్పిచ్చిన బ్యాంకు వాళ్ళు డబ్బు నేరుగా షాపుకే పంపారు. ఏప్రిల్లో రెండు మిషన్లు రిక్షాలో వచ్చాయి. మా ఆయన షెడ్డు వదిలి వచ్చి, వాటిని దించి, స్టాండ్లకు బిగించి, నూనె వేసి, పెడలు తొక్కి చూశాడు. ఒకదాని బెల్టు వదులుగా ఉంటే కోసి సరిచేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. బాగా చేశావని చెప్పలేదు.

యూనిఫారాలు సగం కుట్టాక, మే నెలలో ఒక రోజు బజారు బ్యాంకు నుంచి కార్డు వచ్చింది. నన్నొకసారి రమ్మని మేనేజరు రాశాడు. వెళితే గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరం చూపించాడు. ఖాతాలో నిల్వ సున్నా అయిన తర్వాత వేసిన ఛార్జీలను రద్దు చేయడానికి అనుమతిస్తున్నామని ఉంది. అంతకు ముందు కోసిన పది రూపాయలు మాత్రం నిబంధనల ప్రకారమే కోశారు కాబట్టి తిరిగి ఇవ్వడం కుదరదని ఉంది.

"ఆ పది కూడా మీరు చెప్పకుండా పెంచిన లెక్కలోనే పోయినయ్ కదా సార్" అన్నాను.

"ఇంతకన్నా నేను చేయలేనమ్మా" అన్నాడు. నిజంగానే చేయలేడని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

గుమాస్తా ఆరు రూపాయలు నా ఖాతాలో జమ రాశాడు. నేను విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టాను. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు కార్డు మీద పెట్టిన పాత సంతకంతో పోల్చి చూసుకున్నాడు. ఆ రోజు నువ్వు అనలేదు, మీరు అనలేదు. డబ్బు ఇచ్చి, ఖాతా పేజీకి అడ్డంగా గీత గీసి, మూసినట్టు రాశాడు. పాసుబుక్కు వాళ్ళే ఉంచుకున్నారు.

"ఇది నా బాకీ కాదని ఇప్పుడు రాసిందిగా గుంటూరు ఆఫీసు?" అని అడిగాను.

"రాసింది" అన్నాడు.

"తెలవక మాట్లాడినానా?"

ఆయన లెడ్జరు మూసి లేచి లోపలికి పోయాడు.

సాయంత్రం మా ఆయన రాగానే ఆరు రూపాయలూ ఆయన ముందు పెట్టాను. "నీయి. బ్యాంకోళ్ళు తిరిగిచ్చారు" అన్నాను. ఆయన వాటిని చూసి, "ఉంచుకోవే, గుండీలన్నా కొనుక్కోవచ్చు" అన్నాడు. నేను తీసుకోలేదు. రెండు రోజులు అక్కడే ఉన్నాయి. మూడో రోజు మా అత్త తీసి తమలపాకులకు ఖర్చు పెట్టింది.

ఆయన కట్టకుండా ఉంటే నెలాఖరు దాటిపోయేది, యూనిఫారాల పని నా చేతికి వచ్చేది కాదు. ఇది నాకు ఆనాడూ తెలుసు, ఈనాడూ తెలుసు. కట్టినందుకు ఆయన మీద కోపం చాలా ఏళ్ళ కిందటే పోయింది. ఆ మాట అన్నందుకు పోలేదు. ఒకసారి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఆయనే కదిపాడు.

"ఆ బ్యాంకు సంగతి ఇంకా గుర్తుందా నీకు?"

"ఉంది."

"ఆడమనిషి తెలవక అన్నది నాకే బాగాలేదులే. అప్పుడు నోట్లోంచి వచ్చిందంతే."

"వాళ్ళకు చెప్పినావా ఆ మాట? నాకు చెబితే ఏం లాభం?"

గుమాస్తా అప్పటికే బదిలీ అయి ఏ ఊరు పోయాడో. నేను సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాను.